ఇల్లు కట్టేవారికి సైటు పాఠాలు – 6: సిమెంటు బియ్యం కాదు

పోయిన పాఠంలో సిమెంటు బస్తాల గురించి "గోడకి దూరంగా పేర్చండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. తప్పు నాదే. ఎందుకో చెప్పలేదు కాబట్టి చాలామంది గాలి ఆడటానికే అనుకున్నారు. చెన్నై మడిపాక్కంలో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన ఫోటోలు పంపారు. ఎనభై బస్తాలు, బస్తాకీ బస్తాకీ మధ్య జానెడు సందు, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. అదీ నవంబరులో! మూడు వారాలకే కిటికీ వైపు బస్తాలు ఉండలు కట్టాయి. "గాలి బాగా తగిలింది కదండీ, ఎందుకిలా అయింది?" అని అడిగారు.

గాలి తగిలింది కాబట్టే అలా అయింది. బియ్యం, ఉల్లిపాయలు తమలోని తేమ బయటికి పోక చెడతాయి, వాటికి గాలి కావాలి. సిమెంటులో తేమ ఉండదు, బయటి తేమే లోపలికి వస్తుంది. మనం నీళ్ళు కలిపితే గట్టిపడినట్టే గాలిలోని ఆవిరితో కూడా మెల్లగా గట్టిపడటం మొదలుపెడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై గాలి ఎలా ఉంటుందో, ఆరేసిన బట్టలు ముట్టుకుంటే తెలుస్తుంది. నేసిన ప్లాస్టిక్ సంచి ఆ ఆవిరిని ఆపదు.

కాబట్టి గోడకి రెండడుగుల దూరం పెట్టేది గోడ చెమ్మ తగలకుండానూ, మనిషి తిరగడానికీను. బస్తాలు మాత్రం ఒకదానికొకటి ఆనుకునే ఉండాలి. కిటికీలు మూసెయ్యాలి. నేల నుంచి చెమ్మ ఎక్కకుండా అరడుగు ఎత్తున చెక్కలు పరచాలి. ఇటుకల మీద సెంట్రింగ్ పలకలు వేసినా చాలు.

ఎన్ని పడతాయో లెక్క వేద్దాం. పది అడుగులకి పన్నెండు అడుగుల గది, వంద బస్తాలు, రెండు లోడ్లుగా వచ్చాయి. పేర్చిన బస్తా సుమారు రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. పది బస్తాల ఎత్తు దాటించొద్దు. ఒక లోడు యాభై అంటే అయిదు దొంతరలు. వాటిని పక్కపక్కన పెడితే ఏడున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పున్న ఒక వరస అవుతుంది. రెండో లోడుకి ఇంకో వరస. మధ్యలో అడుగు దారి వదిలితే వెడల్పు మొత్తం ఆరడుగులు. పది అడుగుల గదిలో అటు రెండు, ఇటు రెండు అడుగులు మిగులుతాయి. ఎనిమిది బస్తాల ఎత్తు దాటితే నిలువొకటీ అడ్డమొకటీగా మార్చి పేర్చాలి, లేకపోతే ఒరుగుతాయి. పైన పాలిథీన్ కప్పి అంచులు కిందికి దించండి. పాత లోడే ముందు వాడాలి. సంచి మీద అచ్చేసిన వారం సంఖ్య చూడండి: 38 అంటే సెప్టెంబరు మూడో వారం. నేనైతే దాన్ని నమ్ముకోకుండా దొంతర మీద చాక్‌పీసుతో తేదీ రాస్తాను. మేస్త్రికి కనబడేది అదే.

అడుగు బస్తా గట్టిగా తగలగానే కంగారు పడకండి. పై బరువుకి ఒత్తుకుని ఉండవచ్చు. నేల మీద నాలుగుసార్లు దొర్లించండి. వదులైతే మంచిదే. వదులు కాకపోతే విప్పి ఒక ఉండ తీయండి. వేళ్ళ మధ్య నలిగి పొడి అయితే పూతపనికో గచ్చుకో వాడుకోవచ్చు. సుత్తి కావలసి వస్తే అది సిమెంటుగా తన పని ముగించేసింది. జల్లించి మిగతాది స్లాబులో పోద్దామంటారు చాలామంది. ఆ పొడి కూడా అదే చెమ్మ పీల్చింది, నేను ఒప్పుకోను. ఉండలు లేకపోయినా మూడు నెలలు దాటిన సిమెంటుని పరీక్ష చేయించకుండా స్లాబుకి, స్తంభాలకి వాడొద్దు.

ఇనుము సంగతి క్లుప్తంగా. కడ్డీలు కూడా నేలకి అరడుగు ఎత్తున, సైజుల వారీగా ఉండాలి. పట్టా కడ్డీలకి అంటుకుంటే లోపల చెమట పడుతుంది, కాస్త ఎత్తి కట్టండి. తిరువాన్మియూర్ వైపు ఉప్పుగాలికి నెలల తరబడి వదిలేయాల్సి వస్తే పల్చటి సిమెంటు పాలు పూయించండి. పైపైన ఎర్రబడితే భయం లేదు. పెచ్చులు లేస్తే మాత్రం 12 మి.మీ. కడ్డీని మీటరు ముక్క కోసి, ఇనుప బ్రష్షుతో రుద్ది తూచండి. 888 గ్రాములు ఉండాలి. 840 కన్నా తగ్గితే ఇంజనీరుకి చూపించకుండా కట్టొద్దు.

ఇటుకలకి గాలీ వానా పెద్ద బాధ కాదు. బురద, ఉప్పుమట్టి తగలని గట్టినేల చూసి పేర్పించండి, లారీ నుంచి గుమ్మరించనివ్వకండి.

అభ్యాసం: గుప్పెడు సిమెంటు పళ్ళెంలో ఆరుబయట, ఇంకో గుప్పెడు పాలిథీన్ కవరులో బిగించి కట్టి అదే చోట పది రోజులు ఉంచండి, వాన తగలకుండా. తర్వాత రెండూ వేళ్ళతో నలిపి చూడండి. మడిపాక్కం వారికి మాత్రం ఇది కాదు. ఈ ఆదివారం ఎనభై బస్తాలూ దింపి, ఒక్కొక్కటి దొర్లించి చూసి, మంచివి వేరు చేసి మళ్ళీ పేర్చండి. ఇద్దరు మనుషుల్ని పెట్టుకోండి, ఒక్కోటీ యాభై కిలోలు.