మార్చి ముగిసేలోగా పాత బిల్లులకు డిమాండ్ నోటీసు: కాలదోషం పట్టకముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆర్థిక సంవత్సరం ముగింపు దగ్గరపడే కొద్దీ బేగంబజార్‌లోనైనా, బాలానగర్‌లోనైనా బకాయిదారుల నోట వినిపించే మాట ఒక్కటే: "మార్చి వెళ్లనివ్వండి, చూద్దాం." నిన్నమొన్నటి బిల్లు విషయంలో ఈ మాట నమ్మి ఆగినా పెద్ద నష్టం ఉండదు. మూడేళ్ల కిందటి బిల్లు విషయంలో అలా ఆగితే, ఏప్రిల్ గడిచి మే వచ్చేసరికి దావా వేసే హక్కే పోవచ్చు. న్యాయవాది ద్వారా నోటీసు పంపితే గడువు ఆగిపోతుందని, లేదా నోటీసు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుందని చాలామంది వ్యాపారులు అనుకుంటారు. మామూలు బిల్లు బకాయికి ఈ రెండూ నిజం కావు. నోటీసు పంపినంత మాత్రాన కాలపరిమితి ఒక్క రోజు కూడా పెరగదు. అందువల్ల ముందు ప్రతి బిల్లుకూ ఆఖరి తేదీ లెక్క కట్టుకుని, ఆ తరువాతే నోటీసు రాయించుకోవాలి.

ఈ లెక్కకు ఆధారం 1963 నాటి కాలపరిమితి చట్టం. సరుకు అమ్మినప్పుడు అరువు గడువు ఏదీ అనుకోకపోతే, దాని షెడ్యూలులోని 14వ అధికరణం ప్రకారం సరుకు అందజేసిన తేదీ నుంచి మూడేళ్లు. అరువు గడువు అనుకుని ఉంటే, 15వ అధికరణం ప్రకారం ఆ గడువు తీరిన తేదీ నుంచి మూడేళ్లు. చెల్లింపు సమయం అనుకోకుండా చేసి పెట్టిన పనికి, 18వ అధికరణం ప్రకారం పని పూర్తయిన తేదీ నుంచి మూడేళ్లు. ఈ మూడింటిలో దేనిలోనూ బిల్లు మీద వేసిన తేదీ ప్రస్తావన లేదన్నది గమనించాలి. మొదటి రోజును లెక్కలోంచి మినహాయిస్తారు. ఎదుటి పక్షం ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా, గడువు దాటిన దావాను కోర్టు కొట్టివేయవలసిందేనని చట్టంలోని 3వ సెక్షన్ చెబుతుంది. ఆలస్యాన్ని క్షమించమని కోరే 5వ సెక్షన్ అప్పీళ్లకూ దరఖాస్తులకూ వర్తిస్తుందే తప్ప దావాకు వర్తించదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ బేగంబజార్‌లోని ఒక హోల్‌సేల్ దుకాణానికి మూడు బిల్లుల సరుకు పంపిందనుకుందాం. మొదటిది 1,84,000 రూపాయల బిల్లు. సరుకు 2023 ఏప్రిల్ 12న అందింది, కొనుగోలు ఆర్డరులో 45 రోజుల అరువు రాసి ఉంది. రెండవది 96,000 రూపాయల బిల్లు. దానిని మే 3న రాశారు, సరుకు మే 6న అందింది, కానీ ఆర్డరు ఫోనులో చెప్పినది కావడంతో అరువు మాటే ఎక్కడా లేదు. మూడవది 1,42,000 రూపాయల బిల్లు. సెప్టెంబరు 20న సరుకు అందింది, మళ్లీ 45 రోజుల అరువు.

మొదటి బిల్లు అరువు 2023 మే 27న తీరింది కనుక దావాకు ఆఖరి రోజు 2026 మే 27. రెండవ బిల్లుకు అరువు రాతపూర్వకంగా లేదు కనుక మే 6నే లెక్క మొదలై 2026 మే 6న ముగుస్తుంది. మూడవ బిల్లుకు 2023 నవంబరు 4న అరువు తీరి, 2026 నవంబరు 4 వరకు సమయం ఉంటుంది. అంటే తరువాత రాసిన రెండవ బిల్లుకే అన్నిటికంటే ముందు కాలదోషం పడుతోంది. అలవాటు ప్రకారం ఈ సరుకుకూ 45 రోజుల అరువు ఉండేదని వాదించవచ్చు గానీ, ఆ వాదన గెలుస్తుందన్న నమ్మకంతో మే 6 దాటనివ్వడం వివేకం కాదు. రెండు తేదీలు సాధ్యమైనచోట ముందున్న తేదీనే ఆఖరిదిగా భావించుకోవాలి. పైగా మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు ఉంటాయి. గడువు సెలవు రోజున ముగిస్తే కోర్టు తిరిగి తెరిచిన రోజున దావా వేయడానికి 4వ సెక్షన్ వీలు కల్పిస్తుంది కానీ, ఆ వెసులుబాటును ఆపద్ధర్మంగా చూడాలే తప్ప దాని మీద ప్రణాళిక వేసుకోకూడదు.

ఇక్కడ లెడ్జరు గురించి ఒక భ్రమను తొలగించుకోవాలి. "మాది నడుస్తున్న ఖాతా, ఆఖరి ఎంట్రీ నుంచి మూడేళ్లు" అనే మాట తరచూ వింటాం. ఆఖరి ఎంట్రీ పడిన సంవత్సరం ముగింపు నుంచి మూడేళ్లు ఇచ్చే 1వ అధికరణానికి ఇరువైపులా పరస్పరం బాకీలు, పరస్పరం డిమాండ్లు ఉండాలి. ఒకరు సరుకు పంపడం, మరొకరు అప్పుడప్పుడు డబ్బు కట్టడం మాత్రమే ఉన్న ఖాతా సాధారణంగా ఆ కోవలోకి రాదు. అందుకే లెడ్జరు చివర కనిపించే నికర మొత్తాన్ని మాత్రమే నమ్ముకోకుండా బిల్లు వారీగా తేదీలు చూసుకోవాలి.

గడువు నిజంగా కొత్తగా మొదలయ్యే మార్గాలు ముఖ్యంగా రెండు. 18వ సెక్షన్ ప్రకారం, మూడేళ్లు తీరకముందే బకాయిదారు గానీ, అధికారం ఉన్న అతని ప్రతినిధి గానీ బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన రాత ఇస్తే, ఆ సంతకం తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. మొత్తం సరిగ్గా రాయకపోయినా, ఒప్పుకుంటూనే ఇప్పుడు కట్టనని చెప్పినా అది ఒప్పుకోలుగానే చెల్లవచ్చు. మార్చి నెలాఖరులో ఆడిటరు కోసం సంతకం చేయించుకునే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ పత్రం విలువ ఇక్కడే ఉంది. కాబట్టి దానిలో బిల్లు నంబర్లు కూడా రాయించుకోవడం మంచిది. 19వ సెక్షన్ ప్రకారం, గడువులోపల కొంత సొమ్ము చెల్లించినా కొత్త మూడేళ్లు వస్తాయి, అయితే ఆ చెల్లింపుకు చెల్లించినవారి చేతిరాత గానీ, వారు సంతకం చేసిన రాత గానీ ఉండాలి. మన ఉదాహరణలో దుకాణదారు 2024 ఫిబ్రవరి 14న ఏ బిల్లుకన్నది చెప్పకుండా 50,000 రూపాయలు నెఫ్ట్ ద్వారా పంపాడనుకుందాం. బ్యాంకు స్టేట్‌మెంటులో అంకె కనిపిస్తుంది కానీ అతని సంతకమున్న రాత లేదు కనుక, గడువు పెరగలేదని వాదించే అవకాశం అతనికి ఉంటుంది. ఈ చెల్లింపు గురించి అతను రాసిన ఈమెయిల్ ఉంటే వెతికి భద్రపరచాలి, లేకపోతే పాత తేదీల ప్రకారమే నడుచుకోవాలి.

ఇప్పుడు నోటీసులో ఏముండాలో చూద్దాం. ప్రైవేటు వ్యాపారి మీద మామూలు బాకీ దావాకు ముందు నోటీసు తప్పనిసరి అని చట్టం చెప్పదు, ప్రత్యేకమైన నమూనా కూడా లేదు. అయినా ఆ కాగితం రేపు కోర్టులో సాక్ష్యమవుతుంది, అందులోని పొరపాటు మన ఒప్పుకోలుగా మారుతుంది. బకాయిదారు పేరు మొదటి జాగ్రత్త. దుకాణం బోర్డు మీది పేరుకు కాకుండా, జీఎస్టీ పోర్టల్‌లో లీగల్ నేమ్‌గా కనిపించే యజమాని, భాగస్వామ్య సంస్థ లేదా కంపెనీ పేరుకు నోటీసు వెళ్లాలి. ప్రతి బిల్లు నంబరు, తేదీ, సరుకు అందిన తేదీ, అరువు గడువు, మొత్తం, డెలివరీ చలానా లేదా ఈ-వే బిల్లు వివరం విడివిడిగా రాయాలి. వచ్చిన 50,000 రూపాయలను ఏ బిల్లుకు జమ చేసుకున్నామో స్పష్టంగా చెప్పాలి. బాకీదారు సూచన ఏదీ లేనప్పుడు ఆ ఎంపిక చేసుకునే హక్కును కాంట్రాక్టు చట్టంలోని 60వ సెక్షన్ అప్పు ఇచ్చినవారికే ఇస్తుంది. ముందుగా కాలదోషం పట్టబోయే రెండవ బిల్లుకు జమ చేస్తే అందులో 46,000 మాత్రమే మిగులుతుంది, మొత్తం బాకీ 3,72,000 అవుతుంది. ఇది నా దృష్టిలో తెలివైన ఎంపిక.

వడ్డీ విషయంలో ఎక్కువ నోటీసులు అస్పష్టంగా ఉంటాయి. బిల్లు అడుగున మనం ముద్రించుకున్న 18 శాతాన్ని కొనుగోలుదారు ఒప్పుకున్నట్టు చూపడం ఎప్పుడూ తేలిక కాదు. చెల్లింపు తేదీ రాతపూర్వకంగా ఖరారు కాని బాకీలకు, వడ్డీ కోరబోతున్నామని రాతపూర్వకంగా తెలియజేసిన నోటీసు ఆధారంగానే దావా తేదీ వరకు వడ్డీ ఇవ్వడానికి 1978 నాటి వడ్డీ చట్టం కోర్టుకు వీలు కల్పిస్తుంది. అందుచేత ఎంత శాతం, ఏ తేదీ నుంచి అన్నది నోటీసులో విడి వాక్యంగా ఉండాలి. చివరగా, చెల్లించడానికి పదిహేను రోజుల వంటి గడువు, చెల్లించవలసిన బ్యాంకు ఖాతా, లేకపోతే సివిల్ చర్య తీసుకుంటామన్న మాట చాలు. పోలీసు కేసు పెడతామన్న బెదిరింపు ఎదుటివారికి ఆయుధమవుతుంది.

నోటీసును సరైన చిరునామాకు, అందినట్టు రుజువు ఉండే తపాలా సేవలో పంపి, అదే ప్రతిని ఈమెయిల్‌కు కూడా పంపాలి. తీసుకోలేదని తిరిగి వచ్చిన కవరును విప్పకుండా దాచాలి. జవాబు వస్తే ప్రతి వాక్యమూ చదవాలి: "నాణ్యత బాగాలేనందున పూర్తి మొత్తం ఇవ్వము, లక్ష మాత్రమే రావాలి" అని గడువులోపల సంతకంతో రాశారంటే, ఆ మేరకు బాకీ ఒప్పుకున్నట్టే.

బాకీ కింద ఇచ్చిన చెక్కు చెల్లక తిరిగి వస్తే ఇదంతా వేరే దారి: బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోపల నోటీసు ఇవ్వాలి, అది అందాక చెల్లించడానికి 15 రోజులు, ఆ తరువాత ఒక నెలలోపల ఫిర్యాదు. ఈ గడువులను మూడేళ్ల లెక్కతో కలపకూడదు.

వడ్డీతో కలిపి దావా విలువ మూడు లక్షలు, అంతకు మించి ఉంటే మన ఉదాహరణ వాణిజ్య వివాదమవుతుంది. అత్యవసర ఉత్తర్వు కోరనప్పుడు, దావాకు ముందు న్యాయసేవాధికార సంస్థ వద్ద మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి అని వాణిజ్య కోర్టుల చట్టంలోని 12ఎ సెక్షన్ చెబుతోంది. ఆ దశ దాటకుండా వేసిన దావాను తిరస్కరించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. పక్షాలు మధ్యవర్తిత్వంలో గడిపిన కాలం గడువు లెక్కలోంచి మినహాయింపు పొందుతుంది. కాబట్టి మార్చి మొదట్లో నోటీసు పంపి, పదిహేను రోజులు చూసి, ఏప్రిల్ రాకముందే పురానీ హవేలీలోని నగర సివిల్ కోర్టు న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయడం సురక్షితం. మన వ్యాపారం భాగస్వామ్య సంస్థ అయితే దానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈలోగా చూసుకోవాలి. లేకపోతే ఒప్పందం ఆధారంగా వేసే దావాకు భాగస్వామ్య చట్టంలోని 69వ సెక్షన్ అడ్డు వస్తుంది.

సరుకు పంపేనాటికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు మరో దారి కూడా ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం ఒప్పుకున్న గడువు 45 రోజులకు మించకూడదు, ఆలస్యానికి రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ కోరవచ్చు. ఆ హక్కు కోరేవారు నోటీసులోనే ఉద్యమ్ నంబరు రాయాలి.

ఇప్పటికే మూడేళ్లు దాటిన బిల్లు విషయంలో ఒప్పుకోలు పత్రం పనికిరాదు. అక్కడ కావలసింది కాంట్రాక్టు చట్టంలోని 25వ సెక్షన్ మూడవ ఉపవిభాగం కింద, "ఈ బాకీ చెల్లిస్తాను" అని సంతకంతో రాసిన వాగ్దానం. "మీకు ఇంత రావాలి" అన్న వాక్యం మాత్రమే ఉన్న కాగితం దానికి సరిపోదు కనుక, అటువంటి పత్రం రాయించుకునేటప్పుడు చెల్లిస్తానన్న క్రియ, మొత్తం, తేదీ, సంతకం నాలుగూ ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోవాలి.