మెట్రో మ్యాప్ గీశాక: పేర్లు తగులుకుంటే, రంగులు కలిసిపోతే, దారి తప్పిస్తే

హైదరాబాద్ మెట్రో మూడు లైన్లను తెలుగు పేర్లతో ఒకే పేజీలో గీసినప్పుడు నాకు ఎదురైనవి ఇవి.

సమస్య: స్టేషన్ పేర్లు గీతకు తగులుతున్నాయి

బ్లూ లైన్‌ను అడ్డంగా గీసి, పేర్లు పైన రాశాను. ఇంగ్లీషులో బాగానే ఉంది. తెలుగులోకి మార్చగానే ‘జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్’లో ఒత్తులు, పక్కనే ‘పెద్దమ్మ గుడి’లో ద్ద, మ్మ ఒత్తులు గీత మీదకు దిగిపోయాయి.

కారణం ఒత్తులే. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఖాళీ తెలుగుకు చాలదు. పేరు వెనక లేత బూడిదరంగు పెట్టె వేసి, ఒత్తు పెట్టె దాటుతోందేమో చూడండి. పెట్టె ఎత్తు అక్షరం సైజుకు 1.5 రెట్లు పెట్టి మొదలెట్టండి, చాలకపోతే పెంచండి. రెండు పెట్టెలు ఒకదానిపై ఒకటి పడితే, పేర్లను గీతకు ఒకటి పైన, ఒకటి కింద మార్చి మార్చి పెట్టడం చాలామంది చేసే పని. నాకది నచ్చదు, ఏ పేరు ఏ చుక్కదో వెతుక్కోవాలి. అన్ని పేర్లనూ ఒకే వైపు, 45 డిగ్రీలు వాల్చడమే మేలు. నిలువు గీతల దగ్గర ఈ గొడవే లేదు, పేరు పక్కన రాసేయొచ్చు.

సమస్య: ఎరుపేదో, ఆకుపచ్చేదో తెలియడం లేదు

ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వాళ్లకు ఎంజీబీఎస్ స్టేషన్ దగ్గరే చిక్కు. రెడ్, గ్రీన్ లైన్లు అక్కడ కలుస్తాయి. దానికి ముందు స్టేషన్లు, ఉస్మానియా మెడికల్ కాలేజ్, సుల్తాన్ బజార్, కూడా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఫోటోకాపీ తీసినా ఇదే తంటా.

నేను వాడిన ఎరుపు కోడ్ `#D32F2F`, ఆకుపచ్చ కోడ్ `#2E7D32`. రంగులు వేరైనా వెలుగు దాదాపు ఒకటే, వెలుగు తేడా చెప్పే కాంట్రాస్ట్ నిష్పత్తి 1.03, 1 అంటే తేడా లేనట్టే. బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి చూస్తే రెండూ ఒకే బూడిదరంగు. ఎరుపును `#B71C1C`, ఆకుపచ్చను `#8BC34A` చేశాక నిష్పత్తి 3.1 దాటింది. కాకపోతే ఈ లేత ఆకుపచ్చ తెల్ల కాగితం మీద వెలిసినట్టుంటుంది. అందుకే దానికి సన్నటి నల్ల అంచు ఇచ్చి, రెండు చివర్లా లైన్ పేరు కూడా రాశాను.

సమస్య: మ్యాప్ అందంగా ఉంది, దారి తప్పిస్తోంది

వంపులన్నీ 45, 90 డిగ్రీలకు సర్దేటప్పుడు గ్రీన్ లైన్‌ను పరేడ్ గ్రౌండ్ నుంచి కుడికి వంచాను. దాంతో ‘సికింద్రాబాద్ వెస్ట్’ వెళ్లి బ్లూ లైన్‌లోని ‘సికింద్రాబాద్ ఈస్ట్’కు తూర్పున పడింది! దూరాలు మారినా పర్లేదు, ఏది ఎటువైపు ఉందో మాత్రం తారుమారు కాకూడదు. అందుకే దగ్గర్లో ఉన్న స్టేషన్లను జతలుగా తీసుకుని, అసలు మ్యాప్‌తో ఎడమ, కుడి, పైన, కింద సరిచూసుకోవాలి. నా మ్యాప్‌లో వంపును కిందికి జరిపి, గ్రీన్ లైన్‌ను మొదట నిటారుగా దించితే సరిపోయింది.