థీసిస్ ప్లాన్ డేటా దగ్గరే ఎందుకు ఆగిపోతుంది: సమస్య - పరిష్కారం

సమస్య ఇలా కనబడుతుంది. 24 వారాల ప్లాన్ ఉంది, ఎక్సెల్‌లో రంగులు కూడా వేశారు, మొదటి రెండు నెలలు అనుకున్నట్టే నడిచింది, తర్వాత డేటా కలెక్షన్ అనే ఒక్క వరుస వాయిదా పడుతూనే ఉంటుంది, దాని కింద ఉన్నవన్నీ దాంతోపాటే వెనక్కి జరుగుతాయి. చివరికి రాయడానికి మూడు వారాలు మిగులుతాయి.

ముందు చూడాల్సింది ఒకటుంది, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ప్లాన్‌లో ప్రతి వరుస పక్కన ఈ పని ఎవరి చేతిలో ఉందో రాయండి. నా చేతిలోనా, గైడ్ చేతిలోనా, ఎథిక్స్ కమిటీ చేతిలోనా, ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్ల చేతిలోనా? మీ చేతిలో లేని వరుసకి మీ స్పీడు లెక్కేసి తేదీ పెట్టి ఉంటే తప్పు అక్కడే ఉంది.

గైడ్ దగ్గర చాప్టర్ ఆగిపోతోందంటే చాలాసార్లు కారణం చిన్నదే: "చూడండి సార్" అని ముప్పై పేజీలు పంపేసి ఊరుకుంటాం. రివ్యూ తేదీలు సెమిస్టర్ మొదట్లోనే అడిగి ఫిక్స్ చేసుకోండి, పది రోజుల ముందు పంపండి, మెయిల్‌లో నాకు ఈ రెండు విషయాల మీద నిర్ణయం కావాలి అని రాయండి. ఆ పది రోజులు కూడా ప్లాన్‌లో ఒక వరుసే.

ఇక నన్ను బాగా దెబ్బకొట్టిన కారణం. నా థీసిస్‌కి 18 ఇంటర్వ్యూలు కావాలి, ఒక్కోటి ముప్పావు గంట, వారానికి ఆరు చేస్తే మూడు వారాలు అని లెక్కేశా. బఫర్ కూడా పెట్టా, రెండు వారాలు, కానీ ప్లాన్ చివర్లో. ఆ లెక్క నేను ఎన్ని చేయగలను అన్నదానికి సరిపోతుంది, ఎంతమంది ఒప్పుకుని టైమ్ ఇచ్చి నిజంగా వస్తారు అన్నదానికి కాదు. 20 మందికి మెయిల్ పెడితే ఎనిమిది మంది సరే అన్నారు, ఇద్దరు చివరి నిమిషంలో రాలేదు, రెండు వారాల్లో చేతికొచ్చినవి ఆరు. అంటే వారానికి మూడే, 18కి ఆరు వారాలు. పైగా టైప్ చేయడం ప్లాన్‌లో అసలు లేదు, గంట ఆడియోకి నాకు ఐదు గంటలు పట్టింది, పదమూడున్నర గంటల ఆడియోకి దాదాపు 68 గంటల పని. చివర్లో ఉన్న బఫర్ మాత్రం రిఫరెన్సులు, ఫార్మాటింగ్ తినేశాయి, డేటాకి ఒక్క రోజు కూడా దక్కలేదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే అదే 24 వారాలు ఇలా సర్దమంటాను. నాలుగో వారంలోపు ప్రశ్నల లిస్టు గైడ్ ఓకే చేయాలి, ఎథిక్స్ అప్లికేషన్ వెళ్లిపోవాలి. 5, 6 వారాలు దానికోసం ఎదురుచూస్తూ లిటరేచర్ చాప్టర్ రాయాలి. అనుమతి వచ్చాక 7, 8 వారాలు పైలట్ ఇంటర్వ్యూలు, వీటి అసలు పని వారానికి ఎన్ని వస్తున్నాయో కొలవడం. ప్రశ్నలు మార్చకపోతే, గైడ్ ఒప్పుకుంటే పైలట్‌లో చేసిన ఆరు కూడా లెక్కలోకి వస్తాయి, ప్రశ్నలు బాగా మారితే రావు, అప్పుడు మళ్లీ 18 నుంచే లెక్క. వస్తే మిగతా 12కి వారానికి మూడు చొప్పున 9 నుంచి 12 వరకు నాలుగు వారాలు, దాంట్లో సగం బఫర్, అంటే 13, 14. అది డేటా వరుసకి ఆనుకునే ఉండాలి, పేరు కూడా డేటా బఫర్ అనే పెట్టండి, వేరే పనికి ముట్టుకోకూడదు. టైపింగ్, అనాలిసిస్ తొమ్మిదో వారంలోనే మొదటి ఆరుతో మొదలుపెట్టి 16కి ముగించాలి. 20కల్లా పూర్తి డ్రాఫ్ట్, 21, 22 గైడ్ దగ్గర, 23 కరెక్షన్లు, 24 సబ్మిషన్.

బఫర్ ఒక్కటే చాలదు, దానికి ముందు ఒక నిర్ణయ తేదీ కూడా కావాలి. పన్నెండో వారం చివరికి 14 ఇంటర్వ్యూల కంటే తక్కువ ఉంటే ఏం తగ్గిస్తామో పైలట్ అయిన వెంటనే గైడ్‌తో మాట్లాడి మెయిల్‌లో రాసుకోండి. ఉదాహరణకి రెండు గ్రూపుల్ని పోల్చే ప్రశ్న వదిలేసి ఒక గ్రూపునే లోతుగా చూడటం. డేటా రాక టెన్షన్‌లో ఉన్నప్పుడు ఈ మాట ఎత్తితే ఇద్దరూ "ఇంకో వారం చూద్దాం" అనే అంటారు, నాకు అలా మూడు సార్లు జరిగింది.

సర్వే అయినా పద్ధతి ఇదే, కాకపోతే మొదటి రెండు మూడు రోజుల స్పీడు నమ్మొద్దు. లింక్ పంపగానే వచ్చేవాళ్లు వచ్చేస్తారు, తర్వాత పడిపోతుంది, రెండో వారం లెక్కే తీసుకోండి.

గైడ్ మారిపోవడం, ల్యాప్‌టాప్ పోవడం లాంటివి అరుదు, బ్యాకప్ పెట్టుకుని వదిలేయండి. ఈరోజు ప్లాన్ తెరిచి డేటా వరుస పక్కన ఎవరి చేతిలో ఉందో రాయండి, కింద బఫర్ లేకపోతే చివర్లో ఉన్నదాన్ని అక్కడికి జరపండి.