సోలార్ పెట్టాక బిల్లు పెరిగిందా, ఎక్స్‌పోర్ట్ యూనిట్లు కలవట్లేదా: సమస్య - పరిష్కారం

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మనవాళ్ళ ఇళ్ళ మీద ఇప్పుడు 3 కిలోవాట్ల సోలార్ బాగానే పడుతోంది, దాంతోపాటు నాకు ఫోన్లూ పెరిగాయి. అందరూ బిల్లు ఫొటో పంపించి "ఏంటన్నా ఇది" అంటారు, మీటర్ ఫొటో మాత్రం ఒక్కరూ పంపరు. బిల్లు మీద ఒడియాలో ఏం రాశారో అర్థం కాక కంగారు పడక్కర్లేదు, దాని మీద మనకి కావాల్సినవి అంకెలే, ఆ అంకెలు వచ్చింది మీటర్లోంచి. కాబట్టి ముందు మీటర్ దగ్గరికి వెళ్ళండి, తర్వాతే బిల్లు.

సోలార్ ఇళ్ళకి పాత మీటర్ తీసి పెట్టే నెట్ మీటర్లో రెండు రీడింగులు వేరువేరుగా పెరుగుతుంటాయి. లైన్ నుంచి మనం తీసుకున్నది ఇంపోర్ట్, మనం లైన్‌లోకి పంపింది ఎక్స్‌పోర్ట్. డిస్‌ప్లే దానంతటదే తిరుగుతుంది, లేదా బటన్ నొక్కితే మారుతుంది. కొన్ని మీటర్లలో ఇంపోర్ట్ పక్కన 1.8.0 అని, ఎక్స్‌పోర్ట్ పక్కన 2.8.0 అని చూపిస్తుంది, కొన్నిట్లో నేరుగా Imp, Exp అని ఉంటుంది. బిల్లు తీసే అబ్బాయి వచ్చిన రోజే ఈ రెండిటికీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఈ చిన్న పని చేయకపోవడం వల్లే సగం కేసులు నెలల తరబడి నలుగుతాయి.

యాప్‌లో 360 యూనిట్లు చూపిస్తోంది, బిల్లులో ఎక్స్‌పోర్ట్ 240 మాత్రమే ఉంది

తప్పేం లేదు. ఇన్వర్టర్ యాప్ చూపించేది ప్యానెళ్ళు మొత్తం తయారు చేసింది. అందులో పగలు మీ ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు వాడుకున్న 120 యూనిట్లు మీటర్ దాకా రానేలేదు, ఇంట్లోనే అయిపోయాయి. మిగిలిన 240 బయటికి వెళ్ళాయి, మీటర్ వాటినే లెక్కపెట్టింది. ఇంట్లో వాడేసిన 120 కూడా మీకు లాభమే, అవి లేకపోతే ఇంపోర్ట్‌లో కొనేవాళ్ళు. యాప్ అంకెనీ ఎక్స్‌పోర్ట్ అంకెనీ పక్కపక్కన పెట్టి కొట్టుకోకండి, అవి ఒకటి అవ్వాల్సినవి కావు.

సోలార్ పెట్టాక మొదటి బిల్లు తగ్గాల్సింది పోయి పెరిగింది

ఇదే అసలు దొంగ కారణం, కొంచెం ఓపిగ్గా చదవండి.

ప్యానెళ్ళు ఎక్కించినవాళ్ళు టెస్టింగ్ అని ఇన్వర్టర్ ఆన్ చేసి చూపిస్తారు, యాప్‌లో అంకెలు పరిగెడుతుంటే ఇంట్లోవాళ్ళకి సంతోషం, అలా ఆన్‌లోనే వదిలేస్తారు. నెట్ మీటర్ ఇంకా రాలేదు, గోడ మీద ఉన్నది పాత మామూలు మీటరే. ఇప్పుడు మిగిలిన కరెంటు ఆ పాత మీటర్లోంచి బయటికి వెళ్తుంది. ఆ పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావాటిని కరెంటు దొంగతనం ఆపడానికి ఒక పద్ధతిలో చేశారు: ఎవరైనా వైర్లు తిరగేసి మీటర్‌ని వెనక్కి తిప్పుదామని చూసినా కరెంటు ఏ వైపు పారినా సరే ముందుకే లెక్కపెడుతుంది. అంటే మీరు లైన్‌కి పంపిన ప్రతి యూనిట్‌నీ మీరు వాడినట్టే రాసుకుంటుంది. ఉచితంగా కరెంటు ఇచ్చి దానికి డబ్బు కూడా మీరే కట్టినట్టు.

గుణుపూర్ దగ్గర ఒక ఇంటి లెక్క చెప్తాను. సోలార్ లేనప్పుడు వాళ్ళు రోజుకి 7 యూనిట్లు వాడేవారు, నెలకి 210. ప్యానెళ్ళు 5వ తారీఖున ఆన్ చేశారు, నెట్ మీటర్ 27న వచ్చింది, మధ్యలో 22 రోజులు. ఎండ బాగుండి రోజుకి సుమారు 12 యూనిట్లు తయారయ్యాయి, పగలు ఇంట్లో 3 వాడారు, 9 బయటికి వెళ్ళాయి. రాత్రి, తెల్లవారుజామున లైన్ నుంచి 4 తీసుకున్నారు. నిజంగా తీసుకున్నది 22 రోజులకి 88 యూనిట్లు. పంపింది 198. పాత మీటర్ ఈ రెండిటినీ కలిపేసి 286 తిరిగింది. సోలారే లేకపోతే ఆ 22 రోజులకి 154 వచ్చేది. పైగా 200 దాటేసరికి ఆ పై యూనిట్లు పెద్ద స్లాబ్‌లోకి వెళ్ళాయి. మీటర్ మార్చేటప్పుడు పాత మీటర్ చివరి రీడింగ్ రాసుకుంటారు కదా, అది కొత్త మీటర్ మొదటి బిల్లులోనే కలిసి వస్తుంది, దాంతో ఇంటివాళ్ళు "నెట్ మీటర్ పాడు" అనుకున్నారు. నెట్ మీటర్ శుభ్రంగా పనిచేస్తోంది, ఆ అంకె పాతదానిది.

పాత మీటర్ ఇంకా గోడ మీదే ఉంటే ఇలా చూడండి. మంచి ఎండలో, పన్నెండు ఒంటిగంట మధ్యలో, రీడింగ్ రాసుకుని ఇంట్లో లోడ్లన్నీ ఆపండి. మెయిన్ స్విచ్ మాత్రం ఆపకూడదు, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, మెయిన్ ఆపితే ఇన్వర్టర్‌కి లైన్ కనపడదు, అది కూడా ఆగిపోతుంది, ఇక టెస్టే లేదు. గదులకి వెళ్ళే ఎంసీబీలు మాత్రం దించండి, ఇన్వర్టర్‌ది ఆన్‌లో ఉంచండి. గంట ఆగి చూడండి. ఇన్వర్టర్ 2 కిలోవాట్లు ఇస్తుంటే గంటకి రెండు యూనిట్లు బయటికి వెళ్తాయి. ఇంట్లో ఏమీ నడవకుండానే రీడింగ్ రెండు యూనిట్లు పెరిగిందంటే దొరికినట్టే. కొన్ని మీటర్ల మీద REV అని లైటో గుర్తో వెలుగుతుంది, అదీ సాక్ష్యమే. మీటర్ మీద మిణుకుమనే ఎర్ర లైటుని మాత్రం నమ్మకండి, కరెంటు లోపలికి వచ్చినా బయటికి వెళ్ళినా అది మిణుకుతూనే ఉంటుంది, రీడింగ్ అంకె ఒక్కటే నిజం చెప్తుంది.

పరిష్కారం ఏంటంటే, వెంటనే ఇన్వర్టర్ నుంచి ఇంటి లైన్‌కి వచ్చే ఎంసీబీ దించేయండి. నెట్ మీటర్ బిగించి, సంతకాలయ్యి, ఆన్ చేసుకోమని చెప్పేదాకా అది దించే ఉంచండి. అంతదాకా వాడుకోవాలని ఉంటే లైన్‌లోకి ఏమీ పోకుండా ఇన్వర్టర్ సెట్టింగులో జీరో ఎక్స్‌పోర్ట్ పెట్టమని ఇన్‌స్టాలర్ని అడగండి, దానికి విడిగా ఒక చిన్న మీటరో, వైరుకి తగిలించి కరెంటు కొలిచే సీటీనో కావాలి, అది బిగించకుండా "సెట్ చేశాం సార్" అంటే ఒప్పుకోకండి. 10 కిలోవాట్ల లోపు ఇళ్ళ సోలార్‌కి మీ లైన్ దానికి తట్టుకుంటుందా అని చూసే ఫీజిబిలిటీ స్టడీ విడిగా అక్కర్లేదని 2024లో కేంద్రం రూల్ మార్చింది, కాబట్టి మీటర్ ఆలస్యమవుతుంటే ఫైల్ ఎక్కడ ఆగిందో అడగండి, సోలార్ ఆన్‌లో పెట్టుకుని ఎదురు చూడకండి.

ఇప్పటికే బిల్లు వచ్చేసిందా, అయితే సబ్ డివిజన్ ఆఫీసులో రాతపూర్వకంగా బిల్లు రివిజన్ అడగాలి. ఇన్వర్టర్ యాప్‌లోంచి ఆన్ చేసిన రోజు నుంచి మీటర్ మార్చిన రోజు దాకా రోజువారీ జనరేషన్ తీయండి, మీటర్ మార్చిన రోజు రాసిచ్చిన కాగితం, అంతకు ముందు ఏడాది అదే నెల బిల్లు జత చేయండి. ఒక మాట ముందే చెప్తున్నా, అనుమతి రాకముందు ఆన్ చేయడం మన వైపు తప్పే, ఆఫీసువాళ్ళు ఆ మాట అంటారు. 198 యూనిట్లు క్రెడిట్ ఇమ్మని అడిగితే వెంటనే కాదంటారు. "మేం వాడని యూనిట్లు వాడినట్టు పడ్డాయి, వాడకం ప్రకారం సరిచేయండి" అని అడగండి, అది న్యాయమైన మాట, వినే అవకాశం ఎక్కువ. అక్కడ కదలకపోతే గ్రీవెన్స్ రిడ్రెసల్ ఫోరం ఉంది, ఆ పైన అంబుడ్స్‌మన్, రెండూ కరెంటు చట్టంలో ఉన్నవే. రసీదు నంబర్ లేకుండా ఏ కాగితమూ ఇచ్చి రాకండి.

నెట్ మీటర్ ఉంది, రెండు రీడింగులూ బాగానే పెరుగుతున్నాయి, బిల్లులో ఎక్స్‌పోర్ట్ సున్నా

అప్పుడు తప్పు మీటర్‌ది కాదు, బిల్లింగ్‌ది. మీటర్ మార్చాక ఆఫీసు కంప్యూటర్లో మీ కనెక్షన్‌ని నెట్ మీటరింగ్ కింద మార్చాలి. అది చేయకపోతే బిల్లు తీసేవాళ్ళ మెషీన్ ఎక్స్‌పోర్ట్ అడగనే అడగదు. నెట్ మీటరింగ్ అగ్రిమెంట్ కాపీ, రెండు రీడింగుల ఫొటోలు పట్టుకెళ్తే ఒక్కసారిలో అయ్యే పని. కొత్త మీటర్ మొదటి రీడింగ్ ఎంత రాశారో కూడా అక్కడే చూసుకోండి, కొత్తదైనా సున్నా నుంచే మొదలవ్వాలని లేదు.

క్యారీ ఫార్వర్డ్ బ్యాలెన్స్ తగ్గిపోయింది, లేదా మాయమైంది

బ్యాలెన్స్ యూనిట్లలో ఉంటుంది, రూపాయల్లో కాదు. ఒక నెల ఇంపోర్ట్ 110, ఎక్స్‌పోర్ట్ 260 అయితే 150 మిగిలి తర్వాత నెలకి వెళ్తుంది. వానాకాలం నెల వచ్చింది, ఇంపోర్ట్ 190, ఎక్స్‌పోర్ట్ 120, తేడా 70, అది ఆ 150లోంచి పోతుంది, 80 మిగులుతుంది. ఆ రెండు నెలలూ యూనిట్ల చార్జి సున్నా. అయినా బిల్లు సున్నా రాదు, ఎంఎంఎఫ్‌సీ అని ఉండే ఫిక్స్‌డ్ చార్జి మీ లోడ్ కిలోవాట్లని బట్టి ప్రతి నెలా ఉంటుంది. దాన్ని చూసి క్రెడిట్ పడలేదని గొడవకి వెళ్ళకండి.

వానాకాలంలో 150 నుంచి 80కి దిగడం మామూలే. లెక్క తప్పిందో లేదో తెలియాలంటే గత నెల బిల్లులో మిగులు, ఈ నెల ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ మూడూ ఒక కాగితం మీద రాసి కూడి తీసివేసి చూడండి. ఏ నెల దగ్గర తేడా వచ్చిందో ఆ నెల బిల్లు పట్టుకెళ్ళండి, "మొత్తం తప్పుగా ఉంది" అంటే ఎవరూ వినరు.

ఏప్రిల్ తర్వాత మిగులు సున్నాకి దిగితే అది పాడైనట్టు కాదు. ఒడిశాలో లెక్క ఆర్థిక సంవత్సరానికి మూసేస్తారు, మార్చి 31 దాకా ఉన్న మిగులు కొత్త సంవత్సరంలోకి రాదు. అవతల పార్వతీపురంలోనో శ్రీకాకుళంలోనో బంధువులకి ఎలా ఇస్తున్నారో దాంతో పోల్చకండి, ప్రతి రాష్ట్రం రెగ్యులేటరీ కమిషన్ ఆర్డర్ వేరు, తెలుగు వీడియోలు ఎక్కువగా ఆంధ్రా, తెలంగాణ రూల్స్ చెప్తాయి. ఫిబ్రవరిలో మీ దగ్గర 200 పైన మిగులుంటే మార్చిలో పిండి గిర్నీయో ఏసీయో నడపాలనుకున్న పని అప్పుడే కానివ్వండి.

మిగతావి అరుదు. రాత్రి పూట, సోలార్ లేనప్పుడు ఎక్స్‌పోర్ట్ రీడింగ్ పెరుగుతోందంటే మీటర్ దగ్గర ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ వైర్లు తారుమారయ్యాయి, ఆఫీసువాళ్ళనే పిలవాలి, సీల్ మీరు ముట్టుకోకూడదు. ఎండ ఉన్నా మధ్యాహ్నం జనరేషన్ పడిపోతుంటే వోల్టేజ్ ఎక్కువై ఇన్వర్టర్ ఆగుతోంది, అది క్రెడిట్ల సమస్య కాదు. త్రీ ఫేజ్‌లో ఫేజుల తేడాల సంగతి పదిలో ఒకళ్ళకి కూడా ఉండదు, పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్ళండి.