హ్యాండిల్ మార్చాక పాత లింకులు ఎందుకు తెగుతాయి, చానెల్ పేరు ఎందుకు మారదు

యూట్యూబ్‌లో చానెల్ హ్యాండిల్‌ను, అంటే `@`తో మొదలయ్యే గుర్తింపును, మార్చుకున్నవారి నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. "మార్చిన రోజే పాత లింకులన్నీ నొక్కి చూశాను, బాగానే తెరుచుకున్నాయి. ఇప్పుడు పేజీ లేదంటోంది. ఈ మధ్యలో నేను దేన్నీ ముట్టుకోలేదు." ముట్టుకోకపోవడం నిజమే. ఆ రోజు లింకులు పనిచేయడమూ నిజమే. పరీక్షించిన రోజే అసలు చిక్కు.

లక్షణం: పాత లింకు కొన్నాళ్లు పనిచేసి, హఠాత్తుగా ఆగిపోయింది

హ్యాండిల్ మార్చగానే యూట్యూబ్ పాతదాన్ని వదిలేయదు. సాధారణంగా 14 రోజుల పాటు మీ పేరు మీదే పట్టి ఉంచుతుంది. మనసు మారితే వెనక్కి వెళ్లేందుకు ఇచ్చిన గడువు అది. ఆ రోజుల్లో పాత హ్యాండిల్ ఉన్న చిరునామా, కొత్త హ్యాండిల్ ఉన్న చిరునామా రెండూ మీ చానెల్‌కే తీసుకువెళ్తాయి. గడువు ముగిశాక పాత హ్యాండిల్‌కూ మీ చానెల్‌కూ సంబంధం ఉండదు. అది ఇతరులు తీసుకోవడానికి అందుబాటులోకి రావచ్చు.

కాబట్టి మార్చిన రోజు చేసిన పరీక్ష తప్పు కాదు గానీ, దాని ఫలితం రెండు వారాలకు మించి చెల్లదు. చాలా వెబ్‌సైట్లలో పేజీ చిరునామా మారినప్పుడు పాతది ఎప్పటికీ కొత్తదానికే మళ్లుతూ ఉండేలా చేస్తారు. ఆ అలవాటుతో ఇక్కడా అలాగే ఉంటుందని అనుకుంటాం. ఇక్కడ ఉన్నది మళ్లింపు కాదు, గడువు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్కలు చెప్పే ఒక చానెల్ `@paatha_peru` అనే హ్యాండిల్‌ను జూన్ 1న `@kotha_peru` అని మార్చింది. ఆ చానెల్‌కు చేరే లింకులు బయట అయిదు రకాలుగా తిరుగుతున్నాయి:

```
https://www.youtube.com/@paatha_peru
https://www.youtube.com/@paatha_peru?sub_confirmation=1
https://www.youtube.com/c/PaathaPeru
https://www.youtube.com/channel/UC...
https://www.youtube.com/watch?v=...
```

జూన్ 2న అయిదూ పనిచేస్తాయి. జూన్ 20న మొదటి రెండూ పనిచేయవు, తక్కిన మూడూ ఎప్పటిలాగే పనిచేస్తాయి. మొదటి రెండింటిలో చానెల్‌ను గుర్తించేది హ్యాండిల్ ఒక్కటే. రెండోదానిలో చివర ఉన్న తోక, నొక్కినవారిని సబ్‌స్క్రయిబ్ చేస్తారా అని అడిగేందుకు పెట్టింది. తోక మారినా మారకపోయినా తల తెగితే అంతే సంగతులు.

మూడోది హ్యాండిళ్లు రాక ముందు కాలపు కస్టమ్ చిరునామా. 2022లో హ్యాండిళ్లు వచ్చాక ఇటువంటివి కొత్తగా ఇవ్వడం లేదు, ఉన్నవాటిని మార్చనివ్వడమూ లేదు. కానీ ఉన్నవి పనిచేస్తూనే ఉన్నాయి. వాటికంటే పాతవైన `/user/` చిరునామాలూ అంతే. ఇక్కడ ఒక తమాషా ఉంది. పదేళ్ల నాటి `/c/` లింకు నిక్షేపంగా తెరుచుకుంటుంది, నిరుటి `@` లింకు మాత్రం తెగిపోతుంది. పాత లింకు ఒకటి నొక్కి చూసి, అది తెరుచుకుంది కదా అని అన్నీ భద్రంగానే ఉన్నాయని నమ్మేవారు మోసపోయేది ఇక్కడే.

నాలుగోదానిలో ఉన్నది చానెల్ ఐడీ. `UC`తో మొదలయ్యే 24 అక్షరాల వరుస. హ్యాండిల్ మార్చినా, పేరు మార్చినా ఇది మారదు. వీడియో లింకులో 11 అక్షరాల వీడియో ఐడీ ఉంటుంది, దానికి చానెల్ హ్యాండిల్‌తో పని లేదు. అందుకే ఎవరో పంచుకున్న మీ వీడియోలు, ప్లేలిస్టులు, వేరే సైట్లలో అతికించిన వీడియోలు ఏవీ చెడవు. సబ్‌స్క్రయిబర్లూ ఎక్కడికీ పోరు.

పరిష్కారం: గడువు లోపల అయితే ఒకటి, దాటితే మరొకటి

ముందుగా తేదీ లెక్క వేసుకోండి. 14 రోజులు కాలేదంటే పాత హ్యాండిల్‌కు తిరిగి వెళ్లవచ్చు. యూట్యూబ్ స్టూడియోలో కస్టమైజేషన్ తెరిచి, ప్రొఫైల్ భాగంలో హ్యాండిల్ పెట్టెలో పాతది టైపు చేసి పబ్లిష్ నొక్కడమే. అయితే 14 రోజుల్లో రెండు సార్లే మార్చనిస్తారు. మొదటి మార్పు ఒకటి, వెనక్కి రావడం రెండోది. ఆ తర్వాత "ఇంకో అక్షరం సవరిద్దాం" అంటే పెట్టె ఒప్పుకోదు. ఆ నిరాకరణను లోపం అనుకుని బ్రౌజర్ మార్చి, ఫోను మార్చి ప్రయత్నించి ప్రయోజనం లేదు. గడువు గడవాలి.

గడువు దాటితే పాత లింకును ఎవరూ లాగిన్ కాని ప్రైవేటు కిటికీలో తెరవండి. పేజీ లేదని వస్తే, ఆ హ్యాండిల్ ప్రస్తుతానికి ఏ చానెల్ దగ్గరా లేదని దాదాపుగా అనుకోవచ్చు. కచ్చితంగా తేలేది హ్యాండిల్ పెట్టెలో టైపు చేసినప్పుడే. ఖాళీగా ఉంటే తీసుకోనిస్తుంది, లేకపోతే అప్పుడే చెబుతుంది. కానీ ఒక చానెల్‌కు ఒకే హ్యాండిల్. పాతది తిరిగి తీసుకుంటే ఇప్పుడున్న కొత్తది 14 రోజుల గడువులోకి వెళ్తుంది, ఆపై అది కూడా చేజారుతుంది. ఈ మధ్యలో కొత్త హ్యాండిల్‌ను ఎక్కడెక్కడ పంచారో లెక్క చూసుకున్నాకే వెనక్కి వెళ్లండి. నా మటుకు నేను, కొత్తది ఇప్పటికే జనంలోకి వెళ్లి ఉంటే వెనక్కి వెళ్లవద్దనే చెబుతాను. రెండు జతల తెగిన లింకుల కంటే ఒక జత నయం.

పాత లింకు తెరిస్తే వేరే చానెల్ వచ్చిందంటే, హ్యాండిల్‌ను మరొకరు తీసుకున్నారని అర్థం. పేజీ లేదని రావడం కంటే ఇది ఇబ్బందికరం, ఎందుకంటే మీ లింకే మీ ప్రేక్షకులను పరాయి చోటుకు పంపుతోంది. ఆ వ్యక్తి మీ పేరు, మీ బొమ్మ పెట్టుకుని మీలా నటిస్తుంటే వేషధారణ కింద రిపోర్ట్ చేయవచ్చు. మీరు వదిలేసిన హ్యాండిల్‌ను తమ సొంత చానెల్‌కు పెట్టుకోవడం మాత్రం తప్పు కాదు. అప్పుడు చేయగలిగింది, మీ చేతిలో ఉన్న ప్రతి చోటా పాత లింకును తీసేయడమే.

ఆ "ప్రతి చోటా" ఎక్కడ దాక్కుంటుంది

అన్నిటికంటే ఎక్కువగా మీ సొంత వీడియోల కింది వివరణల్లో. "మా చానెల్‌ను సబ్‌స్క్రయిబ్ చేయండి" అన్న వరుస పక్కన అతికించిన చిరునామా ఉత్త అక్షరాల వరుస. హ్యాండిల్ మారిందని దానికి తెలియదు. స్టూడియోలో కంటెంట్ పేజీకి వెళ్లి వీడియోలన్నీ ఎంచుకుని, ఎడిట్‌లో వివరణను ఎంచుకుంటే, ఒక పదాన్ని వెతికి దాని స్థానంలో మరొకటి పెట్టే వీలుంటుంది. మన ఉదాహరణలో `youtube.com/@paatha_peru` వెతికి `youtube.com/channel/` తర్వాత పూర్తి చానెల్ ఐడీ పెట్టాలి. ఉత్త `paatha_peru` అని వెతకవద్దు. అదే పేరుతో మీకు వేరే చోట ఖాతా ఉంటే ఆ లింకులు కూడా దెబ్బతింటాయి. అన్నిటికీ ఒకేసారి చేసే ముందు రెండు మూడు వీడియోలపై ప్రయత్నించి, వివరణ తెరిచి చూసుకోండి.

ఇంత చేశాక కూడా రేపు ఎక్కించే వీడియోలో పాత లింకు మళ్లీ కనిపిస్తే, అది అప్‌లోడ్ డిఫాల్ట్స్ నుంచి వస్తోంది. స్టూడియో సెట్టింగ్స్‌లో ఆ భాగంలో ఎప్పుడో రాసిపెట్టిన వివరణ ప్రతి కొత్త వీడియోకూ తనంతట తానే చేరుతుంది. దాన్ని సరిచేయడం చాలామంది మరిచిపోతారు.

చానెల్ ఐడీ కావాలంటే యూట్యూబ్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరవండి. యూజర్ ఐడీ, చానెల్ ఐడీ రెండూ కనిపిస్తాయి. `UC`తో మొదలయ్యేదే మీకు కావలసింది.

ఇక కాగితం మీద ముద్రించిన క్యూఆర్ కోడ్. అందులో నేరుగా `@paatha_peru` చిరునామా ఉంటే బయటి నుంచి మార్చే దారి లేదు, మళ్లీ ముద్రించాల్సిందే. ఎలాగూ ముద్రిస్తున్నారు కాబట్టి, మీకు సొంత వెబ్‌సైట్ ఉంటే కోడ్‌లో దాని చిరునామా పెట్టి, అక్కడి నుంచి యూట్యూబ్‌కు మళ్లించండి. అపాచీ సర్వర్ మీద ఒక వరుస చాలు:

```
Redirect 302 /youtube https://www.youtube.com/channel/UC...
```

301 కాకుండా 302 పెట్టడానికి కారణం ఉంది. 301 అంటే శాశ్వత మళ్లింపు. బ్రౌజర్లు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి, రేపు మీరు గమ్యం మార్చినా కొందరికి పాతచోటే తెరుచుకోవచ్చు.

లక్షణం: హ్యాండిల్ మారింది, చానెల్ పేరు మాత్రం పాతదే

ఇందులో పాడైనది ఏమీ లేదు. పేరు వేరు, హ్యాండిల్ వేరు. చానెల్ పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించేది పేరు. ఒకే పేరు ఎన్ని చానెళ్లకైనా ఉండవచ్చు. దాని దగ్గరే `@`తో కనిపించేది హ్యాండిల్, అది ఒక్కరికే ఉంటుంది. ఒకటి మారిస్తే రెండోది మారదు. పేరు కూడా మార్చాలంటే అదే ప్రొఫైల్ భాగంలో పేరు పెట్టెను విడిగా సవరించాలి. దానికీ 14 రోజుల్లో రెండు మార్పుల పరిమితే. పేరు మార్పు అన్ని చోట్లా కనిపించడానికి కొన్ని రోజులు పట్టవచ్చు కాబట్టి, వెతికినప్పుడు పాత పేరు వస్తోందని మర్నాడే మళ్లీ మార్చకండి. ఉన్న ఒక్క అవకాశం ఖర్చయిపోతుంది.

చానెల్‌కు ధ్రువీకరణ గుర్తు ఉంటే ఇక్కడ ఆగి ఆలోచించండి. పేరు మారిస్తే ఆ గుర్తు పోతుంది, మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. హ్యాండిల్ మార్పుతో పోదు. ప్రేక్షకులకు కొత్త గుర్తింపు ఇవ్వాలనుకుని రెండూ ఒకేసారి మార్చినవారు గుర్తు పోవడానికి హ్యాండిలే కారణమని అనుకుంటారు.

దీనికి తిరగేసిన లక్షణం కూడా ఉంది. పేరు మార్చాను, వ్యాఖ్యల్లో మాత్రం పాతదే కనిపిస్తోంది అంటారు. వ్యాఖ్యల పక్కన యూట్యూబ్ చూపేది చానెల్ పేరును కాదు, హ్యాండిల్‌ను. కాబట్టి అక్కడ కనిపించేది మారాలంటే మార్చాల్సింది హ్యాండిల్‌నే. అలా మార్చాక మీ పాత వ్యాఖ్యల పక్కన కూడా కొత్త హ్యాండిలే వస్తుంది. వ్యాఖ్య లోపల ఎవరైనా మీ పాత పేరును చేత్తో రాసి ఉంటే మాత్రం ఆ అక్షరాలు అలాగే ఉండిపోతాయి, వాటిని రాసినవారే సవరించాలి.