ఒంటి లింకు రోబో చేతికి ఫీడ్‌బ్యాక్ లీనియరైజేషన్ పెడుతున్నారా? కరెంటు ఇవ్వకముందే ఇవి చూసుకోండి

ఏప్రిల్, మే వచ్చాయంటే కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు కాలేజీ ల్యాబుల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల హడావిడి మొదలవుతుంది. ఒక మోటారు, దానికి ఒక కడ్డీ, కడ్డీ చివర బరువు, ఇంత చిన్న సెటప్పే. సిమ్యులేషన్‌లో గీత గీసినట్టు వచ్చిన కంట్రోలర్‌ని నేరుగా మోటారుకి ఎక్కించేస్తారు, అది కాస్తా చెయ్యి విసిరి టేబుల్‌కేసి కొడుతుంది. వేళ్లకి తగిలితే మామూలుగా ఉండదు. అందుకని ఈ సీజన్‌లో చేసేవాళ్లంతా ఇది ఒకసారి చదివి మొదలుపెట్టండబ్బా.

ముందు మనం చేసేదేంటో చూద్దాం. కిందికి వేలాడే స్థానాన్ని సున్నా అనుకుంటే, గురుత్వం చేతిని వెనక్కి లాగే టార్క్ `m*g*l*sin(th)`. కోణంతో పాటు అది వంకరగా మారుతుంది కాబట్టి, అంతే టార్క్‌ని మోటారుతో ఎదురిచ్చి ఆ వంకరని కొట్టేస్తాం. మిగిలేది సాదా సరళ సమీకరణం, దానికి మనకి నచ్చిన గెయిన్లు పెట్టుకోవచ్చు.

```
v   = ddq + kd*(dq - w) + kp*(q - th)
tau = ml2*v + b*w + mgl*sin(th)
```

ఇందులో `q`, `dq`, `ddq` మనం కోరుకునే కోణం, వేగం, త్వరణం; `th`, `w` చెయ్యి నిజంగా ఉన్న కోణం, వేగం; `b` వేగంతో పెరిగే ఘర్షణ, `tau` మోటారు ఇవ్వాల్సిన టార్క్. లెక్కకి ఒక చెయ్యి తీసుకుందాం. చివర 0.5 కిలో, పొడవు 0.4 మీటరు, కడ్డీ బరువు పట్టించుకోనంత తక్కువ. అప్పుడు `ml2` 0.08, `mgl` 1.96 న్యూటన్ మీటర్లు. `kp` 25, `kd` 10 పెడితే ఊగకుండా చక్కగా చేరాలి. కాగితం మీద అంతా బాగానే ఉంది కానీ, కొట్టేయడం అనేది మనం రాసిన గురుత్వం టెర్మ్ ఎంత నిజమైతే అంతవరకే జరుగుతుంది. అసలు జాగ్రత్తంతా అక్కడే.

మొదట సున్నా ఎక్కడుందో చూడండి. చాలా ఎన్‌కోడర్లు ఆన్ చేసిన చోటునే సున్నాగా తీసుకుంటాయి, కాబట్టి చెయ్యి కదలకుండా వేలాడుతున్నప్పుడే ఆన్ చేయాలి. ఎవరైనా అడ్డంగా ఉన్న స్థానాన్ని సున్నా అనుకుని `sin` బదులు `cos` రాసి ఉంటే, వేలాడుతున్న చేతికి గురుత్వం టార్క్ ఏమీ లేకపోయినా మోటారు 1.96 మొత్తం ఇచ్చేస్తుంది, స్విచ్ వేసిన క్షణంలోనే చెయ్యి ఎగురుతుంది. డిగ్రీలు, రేడియన్ల గొడవ కూడా ఇలాంటిదే: 30 డిగ్రీల దగ్గర `sin` 0.5 రావాలి, అదే 30ని రేడియన్లనుకుంటే -0.99 వస్తుంది, అంటే పైకి మోయాల్సిన మోటారు కిందికి లాగుతుంది.

గుర్తు తప్పు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది దాక్కుంటుంది. `mgl*sin(th)` ముందు ప్లస్ బదులు మైనస్ పడితే గురుత్వం పోకపోగా రెట్టింపవుతుంది. కానీ వేలాడే స్థానం చుట్టూ చిన్న కోణాల్లో పరీక్షిస్తే చెయ్యి ఎంతో బుద్ధిగా, గట్టిగా నిలబడుతుంది, ఎందుకంటే అక్కడ గురుత్వమే దాన్ని మధ్యకి తెస్తోంది. దాన్ని చూసి సరిపోయిందనుకోవద్దు. ఈ చేతికే 90 డిగ్రీలకి వెళ్లమని చెబితే సుమారు 31 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. నిటారుగా పైకి పంపితే అసలు నిలవదు, పడిపోతుంది. సగం దారిలోనే ఆగిపోతే గెయిన్ పెంచకండి, గుర్తు చూడండి.

తర్వాత `mgl` విలువ. డేటాషీట్ చూసి లెక్కవేసిన దానికంటే కొలిచిందే నమ్మండి. లగేజీ తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి చాలు. మోటారుకి కరెంటు తీసేసి, చేతిని అడ్డంగా పెట్టి, చివర కాటా తగిలించి చాలా నెమ్మదిగా పైకి లాగుతూ ఒక రీడింగ్, అంతే నెమ్మదిగా కిందికి దించుతూ ఇంకో రీడింగ్ తీసుకోండి. పైకి 0.58, కిందికి 0.42 వచ్చిందనుకోండి: సగటు 0.50 కిలో మీకు కావలసిన గురుత్వం, మిగతా 0.08 గేర్‌బాక్స్ ఘర్షణ. (వార్మ్ గేర్ ఉంటే చెయ్యి వెనక్కి తిరగదు, ఈ పద్ధతి కుదరదు.)

ఇప్పుడు `v`ని, `b`ని సున్నా చేసి గురుత్వం టెర్మ్ ఒక్కటే ఆన్ చేయండి, చేతిని ఎక్కడ వదిలితే అక్కడ తేలుతున్నట్టు ఉండాలి. ఇక్కడో మెలిక ఉంది. ఆ ఘర్షణే చేతిని పట్టి ఉంచగలదు కాబట్టి, అడ్డంగా ఉన్నప్పుడు 80 గ్రాముల వరకు తప్పున్నా చెయ్యి కదలదు, పరీక్ష పాసైనట్టే కనిపిస్తుంది. అందుకే వదిలి చూడటంతో ఆగకుండా వేలితో పైకీ కిందికీ తోసి చూడండి, రెండు వైపులా ఒకేలా బరువనిపిస్తేనే సరి. `b` కూడా చివర్లోనే, తక్కువగా పెట్టండి, అది ఎక్కువైతే చేతిని చిన్నగా తోసినా తనంతట తానే వేగం పుంజుకుంటుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం చెబుతా. `kp` 25 చూసి పెద్ద సంఖ్య అనుకుంటారు కానీ అది 0.08తో గుణించాకే మోటారుకి వెళ్తుంది, కాబట్టి నిజంగా ఉన్న బిగువు రేడియన్‌కి 2 న్యూటన్ మీటర్లే. చివర గ్రిప్పర్ అని 100 గ్రాములు తగిలించి కోడ్‌లో మార్చకపోతే, అడ్డంగా ఉన్నప్పుడు 0.39 లోటు పడుతుంది, ఘర్షణ పక్కన పెడితే చెయ్యి 11 డిగ్రీలు కిందికి వాలి కూర్చుంటుంది. సిమ్యులేషన్‌లో రెండు చోట్లా ఒకే `m` వాడతారు కాబట్టి ఇది ఎప్పటికీ బయటపడదు. అక్కడ కూడా మోడల్‌కి 0.6, కంట్రోలర్‌కి 0.5 ఇచ్చి చూడండి.

మోటారు హద్దు కూడా లెక్కలోకి రావాలి. మీ మోటారు 2.5 మాత్రమే ఇవ్వగలదనుకోండి. వేలాడే చేతిని ఒక్కసారిగా 90 డిగ్రీలకి పొమ్మంటే మొదటి క్షణంలోనే 3.14 అడుగుతుంది, మోటారు ఇవ్వలేదు, ఇక ఆ కాసేపు మనం కొట్టేశామనుకున్నది ఏదీ కొట్టేసినట్టు కాదు. అదే 2 సెకన్ల క్వింటిక్ దారి ఇస్తే త్వరణానికి గరిష్ఠంగా 0.18 చాలు, గురుత్వంతో కలిపినా 2.14 దాటదు. డెమోలో స్టెప్ ఇన్‌పుట్ ఇవ్వకండి.

చెయ్యి సన్నగా వణుకుతూ మోటారు గరగరమంటే వేగం లెక్క చూడండి. చుట్టుకి 4096 కౌంట్ల ఎన్‌కోడర్‌ని మిల్లీసెకనుకోసారి చదివి తేడా తీస్తే, ఒక్క కౌంట్ అటూఇటూ అయినా సెకనుకి 1.53 రేడియన్ల వేగం అనిపిస్తుంది, అది `kd` మీదుగా 1.23 న్యూటన్ మీటర్ల దెబ్బ. 10 మిల్లీసెకన్ల తేడా మీద తీస్తే అది పదోవంతుకి తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ సాగదీస్తే ఆలస్యం పెరిగి చెయ్యి ఊగుతుంది.

ఇక మన ఎండలు. అడ్డంగా నిలబెట్టి ఉంచడమంటే మోటారు తిరగకుండా కరెంటు తాగుతూ ఉండటమే, తాకి చూస్తే తెలుస్తుంది. రాగి చుట్ట 60 డిగ్రీలు వేడెక్కితే రెసిస్టెన్స్ సుమారు 23 శాతం పెరుగుతుంది, కాబట్టి కరెంటుని కొలవకుండా వోల్టేజీతోనే టార్క్ ఇచ్చే డ్రైవర్ అయితే పొద్దున కొలిచి సరిచేసిన గురుత్వం మధ్యాహ్నానికి చాలదు, చెయ్యి వాలుతుంది. కరెంట్ కంట్రోల్ ఉన్న డ్రైవర్ వాడండి, లేదంటే డెమోకి ముందు చల్లారనిచ్చి తేలే పరీక్ష మళ్లీ చేయండి. మధ్యలో కరెంటు పోయినా, ఎమర్జెన్సీ స్విచ్ నొక్కినా ఎదురు టార్క్ పోతుంది, చెయ్యి పడుతుంది. కాబట్టి అది ఊగే దారిలో ఎవరి తలా చేతులూ ఉండకూడదు, బల్ల అంచుకి ఒక మందపాటి ఫోమ్ ముక్క కట్టి పెట్టండి.