రోయాస్ 4 వస్తున్నా డబ్బు మిగలట్లేదా? తక్కువ మార్జిన్ సరుకుకి ఒక్కో కస్టమర్ ఖర్చు లెక్క

యాడ్స్ రిపోర్ట్‌లో అంతా పచ్చగా ఉంటుంది, నెలాఖరుకి అకౌంట్ తెరిస్తే మాత్రం పోయిన నెల కన్నా తక్కువ ఉంటుంది. మార్జిన్ తక్కువున్న సరుకు అమ్మేవాళ్లలో ఇది చాలా మందిని కొరుక్కుతింటుంది. తప్పు యాడ్‌లోనే ఉందనుకుని రోజూ క్రియేటివ్‌లు మారుస్తూ కూర్చుంటారు, కానీ చాలాసార్లు తప్పు లెక్కలో ఉంటుంది. అందుకే ఒకే ఉదాహరణ పట్టుకుని ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడ వెతకాలో వరసగా రాస్తున్నా. కరెన్సీ ఏదైనా పర్లేదు, వస్తువు అమ్మకం ధర పన్ను తీసేశాక 100 అనుకుందాం. నెలకి యాడ్స్ మీద 2500 పెట్టాం, మెటా `Ads Manager`లో 100 పర్చేజ్‌లు కనిపించాయి, అంటే ఒక్కోదానికి 25. రోయాస్ అంటే యాడ్ మీద పెట్టిన ఒక్కో రూపాయికి ఎంత అమ్మకం వచ్చిందో చెప్పే నంబర్, ఇక్కడ అది 4.

లక్షణం 1: రోయాస్ బాగుంది, డబ్బు లేదు

కారణం ఏంటంటే రోయాస్ అమ్మకాన్ని చూస్తుంది, మిగులుని చూడదు. 100కి అమ్మిన వస్తువు మనకి 62కి పడింది, ప్యాకింగ్ 3, షిప్పింగ్ 9, పేమెంట్ ఛార్జీ 2, ఇవన్నీ పోతే మిగిలేది 24. చాలా మంది ఇక్కడే ఆగిపోయి "24 మిగులుతుంది, 25 ఖర్చవుతుంది, ఒక్క రూపాయి తేడానే కదా, కొంచెం తోస్తే సరిపోతుంది" అనుకుంటారు. రిటర్న్‌లు లెక్కలోకి రాలేదు మరి.

100 ఆర్డర్లలో 10 వెనక్కి వచ్చాయనుకోండి. నిలిచిన 90 మీద 24 చొప్పున 2160 వచ్చింది. వెనక్కొచ్చిన ఒక్కోదాని మీద పోను షిప్పింగ్ 9, రాను షిప్పింగ్ 9, ప్యాకింగ్ 3, పేమెంట్ ఛార్జీ 2, మొత్తం 23 నష్టం, పదింటికి 230 (వస్తువు చెడకుండా తిరిగొచ్చి మళ్లీ అమ్ముడుపోతుంది అనుకుంటేనే). మిగిలింది 1930, అంటే పెట్టిన ఒక్కో ఆర్డర్‌కి 19.3. ఒక ఆర్డర్ తేవడానికి మనం పెట్టగలిగే గరిష్ఠం ఇదే. మనం పెడుతున్నది 25, అంటే ప్రతి ఆర్డర్ మీదా 5.7 పోతోంది, ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ పోతుంది.

```
బ్రేక్ ఈవెన్ రోయాస్ = అమ్మకం ధర / ఆర్డర్‌కి మిగులు
100 / 19.3 = 5.2
```

ఇలాంటి సరుకుకి రోయాస్ 4 అంటే నష్టమే. ఇంకో సంగతి, మన సైట్‌లో పెట్టే మెటా ట్రాకింగ్ కోడ్, అదే పిక్సెల్, ఆర్డర్ పెట్టగానే పర్చేజ్ అని లెక్కేస్తుంది, తర్వాత రిటర్న్ అయితే దానంతటది తీసెయ్యదు. కాబట్టి ఆ నంబర్‌లో వెనక్కొచ్చిన సరుకు కూడా అమ్మకం కిందే ఉంటుంది.

చెయ్యాల్సింది: ముందు మీ 19.3 ఎంతో కనుక్కోండి, రిటర్న్ శాతం ఊహించకుండా గత మూడు నెలల ఆర్డర్ల నుంచి తియ్యండి. అది తెలిసేదాకా బడ్జెట్ ముట్టుకోవద్దు.

లక్షణం 2: డ్యాష్‌బోర్డ్ 100 అంటుంది, కొత్త మొహాలు మాత్రం అంతమంది కనపడరు

`Cost per purchase` ఒక పర్చేజ్ ఖర్చు మాత్రమే, ఒక కస్టమర్‌ని సంపాదించిన ఖర్చు కాదు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే లెక్క పాడవుతుంది. ఏ అమ్మకాన్ని యాడ్ ఖాతాలో వెయ్యాలో తేల్చే అట్రిబ్యూషన్ సెట్టింగ్ మామూలుగా 7 రోజుల క్లిక్, 1 రోజు వ్యూ మీద ఉంటుంది, అంటే యాడ్ క్లిక్ చేసి వారంలో కొన్నా, క్లిక్ చెయ్యకుండా జస్ట్ చూసి ఒక రోజులో కొన్నా ఆ అమ్మకం యాడ్ ఖాతాలో పడుతుంది. ఎలాగూ మళ్లీ కొనేవాడే, స్క్రోల్ చేస్తుంటే మన యాడ్ కళ్ల ముందు నుంచి పోయింది, అదీ యాడ్ గెలిచినట్టే లెక్క. పైగా యాడ్ సిస్టమ్‌కి మనం "కొనేవాళ్లని వెతుకు" అని చెప్తాం కాబట్టి అది కొనే అవకాశం ఎక్కువున్నవాళ్ల వైపే పోతుంది, మన పాత కస్టమర్లు అందులో ముందుంటారు.

ఎలా తెలుస్తుంది: నెల ఆర్డర్ల షీట్ తీసి ఫోన్ నంబర్ గానీ ఈమెయిల్ గానీ పాత ఆర్డర్లతో పోల్చండి. మన ఉదాహరణలో 100లో 20 మంది పాతవాళ్లే అని తేలింది. మిగిలిన కొత్తవాళ్లు 80, ఖర్చు 2500, అంటే ఒక్కో కొత్త కస్టమర్‌కి 31.25. వీడియో చేసినవాళ్లకి ఇచ్చింది, ఏజెన్సీ ఫీజు ఉంటే అవీ పైన కలపాలి, నేనిక్కడ లెక్క తేలిగ్గా ఉండాలని వదిలేశా.

పరిష్కారం: పాత కొనుగోలుదారుల లిస్ట్‌ని కస్టమ్ ఆడియన్స్‌గా అప్‌లోడ్ చేసి కొత్తవాళ్ల క్యాంపెయిన్ నుంచి ఎక్స్‌క్లూడ్ చెయ్యండి. అందరూ మ్యాచ్ కారు, కొంతమంది జారిపోతారు, అందుకే షీట్‌లో పోల్చడం ప్రతి నెలా చెయ్యాల్సిందే. కాలమ్స్‌లో అట్రిబ్యూషన్ పోల్చుకునే ఆప్షన్ ఉంటుంది, `1-day view` కింద ఎన్ని పడ్డాయో చూడండి, సగానికి సగం అక్కడే ఉంటే ఆ రిపోర్ట్‌ని నమ్ముకుని కొత్త స్టాక్ ఆర్డర్ పెట్టొద్దు.

లక్షణం 3: ఖర్చు ఎక్కువని తెలిసింది, ఎక్కడ పోతోందో తెలియట్లేదు

ఇది మూడు నంబర్ల పని.

```
ఒక పర్చేజ్ ఖర్చు = CPM / (1000 × CTR × CVR)
5 / (1000 × 0.01 × 0.02) = 25
```

వెయ్యి సార్లు చూపించడానికి 5, అది సీపీఎం. వందమందిలో ఒకరు క్లిక్ చేస్తారు, అది సీటీఆర్. క్లిక్ చేసిన వందమందిలో ఇద్దరు కొంటారు, అది సీవీఆర్. సీపీఎం మన చేతిలో పెద్దగా ఉండదు, అందుకని అందరూ సీటీఆర్ మీద పడతారు. జాగ్రత్త, `CTR (all)` చూసి మురిసిపోకండి, అందులో లైక్ కొట్టినా, "ఇంకా చదువు" నొక్కినా కలుస్తాయి, మనకి కావాల్సింది లింక్ క్లిక్‌ది మాత్రమే. ఊరించే మాటలతో సీటీఆర్ పెంచితే ఊరికే చూసిపోయేవాళ్లు వస్తారు, సీవీఆర్ పడిపోతుంది, చివరికి ఖర్చు మళ్లీ అక్కడికే వస్తుంది.

నేను ముందు చూసేది `Link clicks`, `Landing page views` ఈ రెంటి మధ్య తేడా. మన నెలలో క్లిక్‌లు 5000, పేజీ తెరుచుకున్నది 3500 అనుకోండి. 1500 క్లిక్‌లకి డబ్బు కట్టాం, ఆ మనుషులు మన వస్తువుని అసలు చూడనే లేదు, పేజీ లోడయ్యేలోపు వెళ్లిపోయారు. ఫొటోలు ఒక్కోటి రెండు మూడు ఎంబీ ఉండటం, అవసరం లేని యాప్‌ల స్క్రిప్ట్‌లు పేరుకుపోవడం, ఎక్కువగా ఇవే కారణాలు. (పిక్సెల్ సరిగ్గా పెట్టకపోయినా ఇలాగే కనిపిస్తుంది, ముందు అది చూస్కోండి.) పేజీ తేలిక చేసి 4500 మందికి తెరుచుకుంటే, వాళ్లు కూడా అదే రేటున కొంటే, 100 పర్చేజ్‌లు దాదాపు 128 అవుతాయి, కొత్తవాళ్లు 80 నుంచి 103 అవుతారు. ఒక్కో కొత్త కస్టమర్ ఖర్చు 31.25 నుంచి 24.3కి దిగింది, ఒక్క యాడ్ కూడా మార్చకుండా.

ఇక్కడే ఒక మాట, ఏ మార్పు చేసినా మూడు రోజులకే తీర్పు ఇవ్వకండి. యాడ్ సెట్‌కి వారంలో దాదాపు 50 రిజల్ట్‌లు వస్తే గానీ లెర్నింగ్ దశ దాటదని మెటానే చెప్తుంది, చిన్న బడ్జెట్‌లో వారానికి 20 పర్చేజ్‌లు వస్తుంటే ఒక వారం 14, ఇంకో వారం 27 రావడం మామూలే.

లక్షణం 4: అన్నీ సరిచేశా, అయినా మొదటి ఆర్డర్‌లో నష్టమే

24.3 ఖర్చు, 19.3 మిగులు, ఇంకా 5 తక్కువుంది. ఇక్కడి నుంచి రెండు దారులు.

ఒకటి, కస్టమర్ మళ్లీ రావడం. ఆ 5 పూడాలంటే 100 మందిలో 26 మంది ఇంకోసారి, అదీ యాడ్ లేకుండా, కొనాలి. అయిపోయే సరుకైతే కుదరొచ్చు, ఏళ్ల తరబడి ఉండే వస్తువైతే ఆశ పెట్టుకోవద్దు. ఆర్నెల్ల కింద మొదటిసారి కొన్నవాళ్లలో 90 రోజుల్లోపు ఎంతమంది మళ్లీ కొన్నారో తీసి చూడండి, 26 రాకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే. వచ్చినా సరే, ఆ మూడు నెలలు ఆ డబ్బు మీ జేబులోంచే తిరగాలని మర్చిపోవద్దు.

రెండోది, ఆర్డర్ పెద్దది చెయ్యడం. తక్కువ మార్జిన్ సరుకుకి నాకు తెలిసి ఇదే బాగా పని చేస్తుంది, ఎందుకంటే రెండు వస్తువులు పంపితే షిప్పింగ్ రెండింతలు కాదు. రెండు కలిపి 190కి పెట్టండి. సరుకు 124, ప్యాకింగ్ 4, షిప్పింగ్ 11, పేమెంట్ ఛార్జీ 3.8, మిగులు 47.2. రిటర్న్ అయితే ఒక్కోదానికి 29.8 పోతుంది, అదే 10 శాతం రిటర్న్‌తో లెక్కేస్తే ఆర్డర్‌కి 39.5 వస్తుంది, అంటే 19.3కి రెట్టింపు కన్నా ఎక్కువ. ధర పెరిగింది కాబట్టి కొనేవాళ్లు తగ్గుతారు, నాలుగో వంతు తగ్గితే కస్టమర్ ఖర్చు 32.4 అవుతుంది, ఇంకా 7 మిగులుతుంది. 38 శాతం దాకా తగ్గినా గట్టెక్కుతాం, అంతకు మించి పడితే ఈ జంట ప్యాక్ జనానికి ఎక్కలేదని అర్థం.

వస్తువు మీద మిగిలేదే 7, 8 అయితే మాత్రం దాన్ని యాడ్‌లో ముందు పెట్టకండి. మార్జిన్ ఎక్కువున్న వస్తువుతో కస్టమర్‌ని తెచ్చుకుని, దీన్ని కార్ట్‌లో పక్కన చూపించండి.

లక్షణం 5: లాభం మొదలైంది, బడ్జెట్ పెంచగానే మళ్లీ పోయింది

సగటు మోసం చేస్తుంది. జంట ప్యాక్‌తో 2500కి 77 మంది కొత్తవాళ్లు వచ్చారు. బడ్జెట్ 4000 చేస్తే 105 మంది వచ్చారు, సగటు 38.1, మన గరిష్ఠం 39.5 కాబట్టి పర్లేదనిపిస్తుంది. కానీ అదనంగా పెట్టిన 1500కి వచ్చింది 28 మందే, వాళ్లలో ఒక్కొక్కరికి 53.6 పడింది, అంటే ఒక్కొక్కరి మీద 14 నష్టం. మొదటి ఆర్డర్ లాభం 541 నుంచి 147కి పడిపోయింది, సగటు మాత్రం ఇంకా గీత లోపలే ఉంది.

అందుకే బడ్జెట్ ఒక్కసారిగా కాకుండా 20 శాతం చొప్పున పెంచి, ప్రతి మెట్టు దగ్గరా రెండు వారాలు ఆగి, కొత్తగా పెట్టిన డబ్బుని కొత్తగా వచ్చిన మనుషులతో మాత్రమే భాగించండి. ఆ నంబర్ 39.5 దాటిన మెట్టు దగ్గర ఆగి ఒక మెట్టు వెనక్కి రండి. వేరే క్రియేటివ్‌తో గానీ వేరే ఆడియన్స్‌తో గానీ పేజీతో గానీ ఆ నంబర్ దిగేదాకా ఆ సరుకుకి ఆ ప్లాట్‌ఫామ్‌లో మీ సైజు అంతే.